పెనవేసిన రెండు తీగలు, చివర్లలో 120 ఓమ్‌లు

కారు తాళం తిప్పి ఇంజన్ స్టార్ట్ చేసిన ఆ కాసేపట్లో బానెట్ కింద కరెంటు పరంగా పెద్ద అలజడే జరుగుతుంది. స్టార్టర్ మోటారు వందకు పైగా ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ వోల్టేజి ఒక్కసారిగా కిందికి జారుతుంది. పెట్రోలు బండయితే ఇగ్నిషన్ కాయిల్ స్పార్క్ ప్లగ్గులకు ఇరవై వేల వోల్టులకు పైగా పంపుతుంది. ఇంజెక్టర్లు, ఫ్యాను, పంపు, ఆల్టర్నేటర్ ఎవరి పని వారు మొదలుపెడతారు. ఇంత గందరగోళం మధ్య, అదే వైర్ల కట్టలో, ఒకదాన్నొకటి పెనవేసుకున్న రెండు సన్నటి తీగలు ఉంటాయి. ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌కీ, బ్రేకులు చూసే ఏబీఎస్‌కీ, ఎయిర్‌బ్యాగులకీ, డ్యాష్‌బోర్డు మీటర్లకీ మధ్య సమాచారం నడిచేది వాటి మీదే. వాటి మీద ఉండేది రెండు మూడు వోల్టులు మాత్రమే. చాలా కార్లలో వాటికి లోహపు వల తొడుగు కూడా ఉండదు. అయినా సెకనుకు ఐదు లక్షల బిట్ల వేగంతో వెళ్లే సమాచారం చెక్కుచెదరకుండా చేరుతుంది.

ఈ జంట తీగల వ్యవస్థనే క్యాన్ బస్ అంటారు. జర్మనీలోని బాష్ కంపెనీ ఇంజనీర్లు 1983లో దీని మీద పని మొదలుపెట్టి, 1986 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌లో జరిగిన ఆటోమొబైల్ ఇంజనీర్ల మహాసభలో లోకానికి పరిచయం చేశారు. అంతకుముందు ఒక్కో సెన్సరుకీ, ఒక్కో స్విచ్చికీ విడివిడిగా వైరు లాగేవారు. బండిలో ఎలక్ట్రానిక్స్ పెరిగేకొద్దీ వైర్ల కట్ట లావెక్కిపోయింది. అన్ని కంప్యూటర్లనూ ఒకే జంట తీగలకు తగిలించి, వంతులవారీగా మాట్లాడుకోనివ్వడం దీనికి వాళ్లు కనుక్కున్న ఉపాయం. 1993లో ఐఎస్ఓ 11898 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చి, తీగల మీద వోల్టేజి ఎంతుండాలి, కేబుల్ ఎలాంటిదై ఉండాలి, చివర్లలో ఏ రెసిస్టర్ పెట్టాలి అన్నవి ఖాయం చేసింది.

క్యాన్ బస్ గురించి చెప్పేవారు సాధారణంగా రెండు విషయాలను రెండు వేరు పాఠాలుగా చెబుతారు. రెండు తీగల మధ్య తేడాను చదవడం వల్ల రొద పోతుందన్నది మొదటిది. చివర్లలో రెసిస్టర్లు పెడితే ప్రతిధ్వని రాదన్నది రెండోది. రెండూ నిజమే. కానీ విడివిడిగా చెబితే అసలు సంగతి జారిపోతుంది. ఆ రెసిస్టర్లు లేకపోతే తీగల మీద ‘1’ అనే అంకె నిలబడనే నిలబడదు. రొదను తట్టుకునే శక్తిలోనూ వాటికి వాటా ఉంది. ఆ సంబంధం ఏమిటో క్రమంగా చూద్దాం.

ఆ రెండు తీగల్లో ఒకదాని పేరు క్యాన్ హై, రెండోదాని పేరు క్యాన్ లో. ఎవరూ మాట్లాడనప్పుడు రెండూ సుమారు 2.5 వోల్టుల దగ్గర సమానంగా ఉంటాయి. వాటి మధ్య తేడా సున్నా. ఈ స్థితిని రిసెసివ్ అంటారు, ఇది ‘1’ అనే బిట్. ఏదైనా కంప్యూటర్ ‘0’ పంపాలంటే తన చిప్‌లోని రెండు ట్రాన్సిస్టర్లను తెరుస్తుంది. ఒకటి క్యాన్ హై తీగను పైకి, సుమారు 3.5 వోల్టులకు లాగుతుంది. ఇంకొకటి క్యాన్ లో తీగను కిందికి, సుమారు 1.5 వోల్టులకు దించుతుంది. తేడా 2 వోల్టులు. ఇది డామినెంట్ స్థితి. వినే చిప్ ఈ తేడాను మాత్రమే చూస్తుంది. తేడా 0.9 వోల్టు దాటితే ‘0’ అనీ, 0.5 వోల్టు కన్నా తక్కువైతే ‘1’ అనీ తీసుకుంటుంది.

ఒకే తీగతో ఈ పని చేసి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. సున్నా వోల్టులంటే ఒక అర్థం, 5 వోల్టులంటే మరో అర్థం, మధ్యలో 2.5 వోల్టులు హద్దు అనుకుందాం. పక్కనున్న లావు వైరులో స్టార్టర్ కరెంటు ఒక్కసారిగా మారినప్పుడు, దాని అయస్కాంత క్షేత్రం మన తీగలో ఒక్క మైక్రోసెకను పాటు 3 వోల్టులు పుట్టించిందనుకోండి. సున్నా కాస్తా 3 అవుతుంది, హద్దు దాటుతుంది. వినేవాడికి అది అసలు సందేశమో దారిలో కలిసిన రొదో తెలిసే మార్గమే లేదు.

ఇప్పుడు అదే 3 వోల్టుల రొద మన జంట తీగల మీద పడిందనుకుందాం. డామినెంట్ సమయంలో క్యాన్ హై 3.5 నుంచి 6.5కి, క్యాన్ లో 1.5 నుంచి 4.5కి ఎగురుతాయి. తేడా అప్పుడూ 2 వోల్టులే. రిసెసివ్ సమయంలో అయితే రెండూ 5.5 దగ్గరికి చేరతాయి. తేడా అప్పుడూ సున్నాయే. రెండు తీగలకూ సమానంగా తగిలిన రొద, ఒకదానిలోంచి ఇంకొకటి తీసేసరికి కనబడకుండా పోతుంది. దాన్ని వడకట్టే పని గానీ, గుర్తుపట్టే పని గానీ చిప్‌కు లేదు.

బండిలో ఇంకో రకం రొద ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. కారులో నెగటివ్ వైరు పని చేసేది బాడీ లోహమే. స్టార్టర్ లాగే వందల ఆంపియర్లు ఆ లోహం గుండానే బ్యాటరీకి తిరిగి వెళ్తాయి. ఆ దారిలో ఎక్కడైనా బోల్టు కాస్త తుప్పు పట్టి ఉంటే, ముందు భాగంలోని ఎర్త్‌కీ వెనక భాగంలోని ఎర్త్‌కీ మధ్య ఒక వోల్టు తేడా రావడం పెద్ద విషయం కాదు. ఎర్త్‌ను ఆధారంగా పెట్టుకుని వోల్టేజి చదివే పద్ధతిలో అది నేరుగా పొరపాటుకు దారి తీస్తుంది. తేడాను చదివే చిప్‌కు మాత్రం తన ఎర్త్ పంపినవాడి ఎర్త్‌తో సమానమా కాదా అన్న బెంగ ఉండదు, ఒక హద్దు వరకు.

ఇదంతా ఒక షరతు మీద ఆధారపడి ఉంది. రొద రెండు తీగలకూ సమానంగా తగలాలి. పక్కపక్కనే సమాంతరంగా నడిచే రెండు తీగల్లో ఏదో ఒకటి రొద పుట్టించే వైరుకు ఎప్పుడూ కాస్త దగ్గరగా ఉంటుంది. దానికి 3 వోల్టులు తగిలితే రెండోదానికి 2.4 తగలవచ్చు. ఆ 0.6 వోల్టు తేడాగా మిగిలిపోతుంది. అందుకే తీగలను పెనవేస్తారు. ప్రతి అర మెలికకూ దగ్గరున్నది దూరమవుతుంది, దూరమున్నది దగ్గరవుతుంది. ఒక మెలికలో పుట్టిన తేడాకు, తర్వాతి మెలికలో పుట్టే తేడా వ్యతిరేక దిశలో ఉంటుంది. మీటరు పొడవులో ముప్ఫై నలభై మెలికలుంటే, ఆ చిన్న చిన్న తేడాలన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని చివరికి దాదాపు ఏమీ మిగలదు. అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఈ ఉపాయానికి 1881లోనే పేటెంటు తీసుకున్నాడు. పక్క టెలిఫోన్ లైన్ల మాటలు వినబడకుండా చేయడానికి ఉద్దేశించిన తెలివి అది. వంద ఏళ్ల తర్వాత కారులోకి వచ్చి చేరింది.

ఆ మెలికల వల్ల ఇంకో మేలు కూడా ఉంది. క్యాన్ హై పైకి వెళ్లిన క్షణంలోనే క్యాన్ లో కిందికి వస్తుంది. ఒక తీగలో ముందుకు వెళ్లే కరెంటు, రెండో తీగలో వెనక్కి వస్తుంది. రెండూ పుట్టించే అయస్కాంత క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందువల్ల ఈ తీగలు తమ పొరుగు వైర్లనూ, బండిలో రేడియోనూ పెద్దగా ఇబ్బంది పెట్టవు.

హద్దులు లేకపోలేదు. తీసివేసే పని చేసేది కూడా ఒక చిప్పే. రెండు తీగల వోల్టేజీలూ కలిసి మరీ పైకి గానీ, మరీ కిందికి గానీ వెళ్లిపోతే అది పనిచేయలేదు. తొలి ప్రమాణం ప్రకారం ఈ పరిధి మైనస్ 2 నుంచి ప్లస్ 7 వోల్టుల దాకా ఉంటే, ఇప్పటి చాలా చిప్‌లు అటూ ఇటూ 12 వోల్టుల వరకు తట్టుకుంటాయి. దాన్ని మించిన ఉబ్బు వస్తే ఆ క్షణపు బిట్టు పోయినట్టే. అలాగే రొద సమానంగా తగలకుండా ఒక తీగ మీదే పడితే, ఈ ఉపాయం ఆదుకోదు. అప్పుడు మిగిలేది మార్జిన్ మాత్రమే. రిసెసివ్ బిట్టును పాడు చేయాలంటే తేడా 0.5 వోల్టుకు మించాలి. డామినెంట్ బిట్టును పాడు చేయాలంటే 2 వోల్టుల తేడా 0.9 కంటే కిందికి పడాలి, అంటే రొద 1.1 వోల్టు కన్నా ఎక్కువ ఉండాలి. ఈ లెక్కలో బలహీనమైనది రిసెసివ్ స్థితి. ఎందుకు బలహీనమో అర్థమైతే చివరి రెసిస్టర్ల కథ సగం అర్థమైనట్టే.

ఇంతకుముందు చెప్పిన మాటలో ఒక ఖాళీ ఉంది. ‘0’ పంపేటప్పుడు చిప్ తీగలను లాగుతుందన్నాను. ‘1’ పంపేటప్పుడు ఏం చేస్తుంది? ఏమీ చేయదు. రెండు ట్రాన్సిస్టర్లనూ మూసేసి తీగలను వదిలేస్తుంది. ఇది కావాలని పెట్టిన పద్ధతి. ఇద్దరు ఒకేసారి మాట్లాడటం మొదలుపెడితే, ఒకరు ‘0’ పంపి ఇంకొకరు ‘1’ పంపిన మొదటి చోట, లాగినవాడి ‘0’ నెగ్గుతుంది. ‘1’ పంపినవాడు తీగ మీద ‘0’ చూసి, తనకన్నా ముఖ్యమైన సందేశం నడుస్తోందని గ్రహించి తప్పుకుంటాడు. నెగ్గిన సందేశానికి ఒక్క బిట్టు నష్టం కూడా ఉండదు. ‘1’ని కూడా గట్టిగా లాగి పంపితే, ఇద్దరూ చెరో వైపు లాగి చిప్‌లు వేడెక్కడమే జరిగేది.

మరి వదిలేసిన తీగలు మళ్లీ సమానానికి ఎలా వస్తాయి? 3.5 దగ్గరున్న తీగ, 1.5 దగ్గరున్న తీగ తమంతట తాము కలవవు. పక్కపక్కనున్న రెండు తీగలు ఒక కెపాసిటర్ లాంటివే, చార్జి నిలవ ఉంటుంది. దాన్ని ఖాళీ చేయడానికి రెండు తీగల మధ్య ఒక దారి కావాలి. ఆ దారే చివరి రెసిస్టర్లు. కేబుల్ ఒక చివర క్యాన్ హైకీ క్యాన్ లోకీ మధ్య 120 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, రెండో చివర ఇంకొకటి. రెండూ సమాంతరంగా ఉన్నట్టే కాబట్టి కలిపి 60 ఓమ్‌లు. చిప్ చెయ్యి వదిలిన మరుక్షణం రెండు తీగలనూ కలిపేది అవే.

ఒక మామూలు కారు లెక్క చూద్దాం. ప్రధాన కేబుల్ 12 మీటర్లు, దానికి పది కంప్యూటర్లు, వేగం సెకనుకు 500 కిలోబిట్లు. అంటే ఒక్కో బిట్టుకు 2 మైక్రోసెకన్లు, వినే చిప్ అందులో సుమారు 1.6 మైక్రోసెకన్ల దగ్గర చూసి నిర్ణయిస్తుంది. కేబుల్ కెపాసిటెన్స్ మీటరుకు 40 పికోఫారడ్ల చొప్పున 500 దాకా, ఒక్కో కంప్యూటర్ వల్ల వంద చొప్పున వెయ్యి, మొత్తం సుమారు 1,500 పికోఫారడ్లు అనుకుందాం. 60 ఓమ్‌ల గుండా అది ఖాళీ అవుతూ 2 వోల్టుల తేడా 0.5కి దిగడానికి పట్టేది దాదాపు 0.12 మైక్రోసెకను. చూసే సమయానికి తీగలు ఎప్పుడో సద్దుమణిగిపోయి ఉంటాయి.

ఇప్పుడు రెండు రెసిస్టర్లూ తీసేయండి. మిగిలే దారి ఆ పది చిప్‌ల లోపలి రెసిస్టెన్స్ మాత్రమే. ఒక్కోటి ముప్ఫై వేల ఓమ్‌లనుకుంటే పదీ కలిసి మూడు వేలు. అదే చార్జి ఆ దారిన దిగడానికి ఆరు మైక్రోసెకన్లకు పైగా పడుతుంది, అంటే మూడు బిట్ల కాలం. ‘1’ పంపిన కంప్యూటర్ తీగ మీద ఇంకా ‘0’నే చూస్తుంది. తాను పంపినదీ తాను విన్నదీ కలవలేదు కాబట్టి తప్పు జరిగిందని ప్రకటించి మళ్లీ పంపుతుంది, మళ్లీ అదే. ఒక్కో విఫలానికి దాని తప్పుల ఖాతాలో ఎనిమిది చేరతాయి. 255 దాటగానే, అంటే వరసగా ముప్ఫై రెండు వైఫల్యాల తర్వాత, ఆ కంప్యూటర్ తనను తాను బస్ నుంచి విడదీసుకుంటుంది. తీగలు ఎక్కడా తెగలేదు, రొద ఏమీ లేదు, చిప్‌లన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి. అయినా బస్ చచ్చిపోతుంది.

ఖాళీ చేసే దారి ఒక్కటే కావాలంటే 60 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి ఎక్కడో ఒకచోట పెడితే సరిపోయేది. చివర్లలోనే ఎందుకు, రెండు చివర్లలోనూ ఎందుకు, 120 ఎందుకు? ఈ ప్రశ్నలకు జవాబు తీగ మీద సంకేతం ఎలా ప్రయాణిస్తుందన్న దానిలో ఉంది.

ఈ కేబుల్‌లో వోల్టేజి మార్పు మీటరుకు సుమారు 5 నానోసెకన్ల చొప్పున నడుస్తుంది. 12 మీటర్లు దాటడానికి 60 నానోసెకన్లు. మనకు అది లెక్కలోకి రానంత చిన్న సమయం గానీ, కేబుల్‌కు కాదు. చిప్ తీగలను లాగిన క్షణంలో అవతలి చివర ఏముందో దానికి తెలియదు, తెలిసే అవకాశం లేదు. అల ఇంకా అక్కడికి చేరనే లేదు. అయినా కరెంటు పారడం మొదలవుతుంది. ఎంత పారాలి? దాన్ని తేల్చేది కేబుల్ నిర్మాణమే. తీగల మందం, వాటి మధ్య దూరం, పైనున్న ప్లాస్టిక్ కలిసి ఒక నిష్పత్తిని నిర్ణయిస్తాయి. క్యాన్ కేబుల్‌కు అది 120 ఓమ్‌లు. 2 వోల్టుల అల నడుస్తుంటే దానితో పాటు సుమారు 17 మిల్లీ ఆంపియర్ల కరెంటు నడుస్తుంది. ఇది మల్టీమీటర్‌తో కొలిస్తే దొరికే ఓమ్‌లు కావు. విడి కేబుల్ రెండు తీగల మధ్య మీటర్ పెడితే అంతులేని రెసిస్టెన్స్ చూపిస్తుంది. ఈ 120 ప్రయాణంలో ఉన్న అలకు మాత్రమే కనబడుతుంది.

ఆ అల చివరికి చేరినప్పుడు ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. పొలాలకు నీరు పారే పొడుగాటి సిమెంటు కాలువలో ఒకచోట నీటిని తోస్తే అల బయలుదేరుతుంది. చివర అడ్డగోడ ఉంటే నీరు ముందుకు పోలేక గోడ దగ్గర రెట్టింపు ఎత్తు లేచి వెనక్కి మళ్లుతుంది. తీగ చివర ఖాళీగా వదిలితే జరిగేదీ అదే. 17 మిల్లీ ఆంపియర్ల కరెంటుకు ముందుకు దారి లేదు, వోల్టేజి 2 నుంచి 4కి లేస్తుంది, 2 వోల్టుల అల వెనక్కి బయలుదేరుతుంది. చివర 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే కథ వేరు. 2 వోల్టులకు అందులోంచి పోయేది సరిగ్గా ఆ 17 మిల్లీ ఆంపియర్లే. వచ్చిన కరెంటు అంతా లోపలికి పోయి వేడిగా మారుతుంది. ఎక్కువా లేదు, తక్కువా లేదు కాబట్టి వెనక్కి మళ్లేది ఏమీ లేదు. అలకు కేబుల్ అంతం లేకుండా సాగిపోతున్నట్టే ఉంటుంది.

రెండు చివర్లలోనూ ఎందుకో ఇప్పుడు తేలిగ్గా చెప్పవచ్చు. బస్‌కు తగిలించిన కంప్యూటర్లలో ఎవరైనా మాట్లాడవచ్చు, ఎక్కువ మంది మధ్యలో ఉంటారు. మధ్యలోంచి మాట్లాడినప్పుడు అల రెండు వైపులకూ వెళ్తుంది. ఒక వైపు గోడ వదిలేస్తే ఆ వైపు నుంచి ప్రతిధ్వని వస్తుంది. 60 ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కటే ఒక చివర పెడితే, ఆ చివర కూడా 120కి సరిపోలక అలలో మూడో వంతు తలకిందులై వెనక్కి వస్తుంది, ఖాళీ చివర నుంచి పూర్తి అల వస్తుంది. ప్రతి కంప్యూటర్ దగ్గరా 120 పెట్టేస్తే సరి కదా అనుకుంటే, పదిటికీ కలిపి 12 ఓమ్‌లవుతుంది. దాని మీద 2 వోల్టులు నిలబెట్టే శక్తి చిప్‌కు లేదు.

ఇందులో నాకు ఎంతో అందంగా అనిపించే అమరిక ఒకటుంది. మధ్యలోని చిప్ తీగలను లాగిన తొలి క్షణంలో దానికి కనబడేది అటు 120, ఇటు 120 ఉన్న కేబుల్, కలిపి 60 ఓమ్‌లు. కొన్ని పదుల నానోసెకన్ల తర్వాత అల చివర్లకు చేరాక కనబడేది రెండు అసలు రెసిస్టర్లు, కలిపి అవే 60 ఓమ్‌లు. చిప్ దృష్టిలో ఏ మార్పూ రాలేదు. అందువల్లే తరంగం లేచిన చోటే స్థిరంగా నిలుస్తుంది, ఊగదు.

ప్రతిధ్వని ఎక్కువ బాధ పెట్టేది డామినెంట్ నుంచి రిసెసివ్‌కు మారేటప్పుడు. డామినెంట్‌లో చిప్ తీగలను గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి ఊగిసలాట త్వరగా అణగుతుంది. రిసెసివ్‌లో పట్టుకునే చెయ్యి లేదు. రెసిస్టర్లు సరిగా లేకపోతే అల అటూ ఇటూ తిరుగుతూ, తేడాను ఒకసారి 0.9 పైకి, ఒకసారి సున్నా కిందికి తీసుకుపోతుంది. వినేవాడు సరిగ్గా ఆ పై ఊపులో చూశాడంటే లేని ‘0’ కనబడుతుంది.

రొదకూ ఈ రెసిస్టర్లకూ ఉన్న సంబంధం కూడా ఇక్కడే ఉంది. రిసెసివ్ సమయంలో మెలికలు కొట్టేయలేని కొద్దిపాటి రొద, ఒక మిల్లీ ఆంపియరు కరెంటుగా రెండు తీగల మధ్య దూరిందనుకుందాం. 60 ఓమ్‌ల మీద అది పుట్టించేది 0.06 వోల్టు. 0.5 హద్దుకు చాలా దూరం. రెసిస్టర్లు లేని మూడు వేల ఓమ్‌ల బస్ మీద అదే మిల్లీ ఆంపియరు 3 వోల్టులు పుట్టిస్తుంది. తేడాను చదివే పద్ధతి రెండు తీగలకూ సమానంగా తగిలిన రొదను తీసేస్తుంది. సమానం కాని రొదను చిన్నదిగా ఉంచేది చివరి రెసిస్టర్లే. కొన్ని డిజైన్లలో 120 బదులు రెండు 60 ఓమ్‌లను వరసగా పెట్టి, వాటి మధ్య బిందువు నుంచి ఎర్త్‌కు ఒక చిన్న కెపాసిటర్, సాధారణంగా 4.7 నానోఫారడ్లది, కలుపుతారు. అప్పుడు రెండు తీగలకూ సమానంగా తగిలిన వేగమైన రొద కూడా చిప్ దాకా రాకుండా ఎర్త్‌లోకి పోతుంది.

వర్క్‌షాపులో దీన్ని పరీక్షించడానికి పెద్ద సామగ్రి అక్కర్లేదు. స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల ఓబీడీ సాకెట్‌లో, దాన్ని వాడే చాలా కార్లలో, 6వ పిన్ను క్యాన్ హై, 14వది క్యాన్ లో. బ్యాటరీ తీసేసి కొన్ని నిమిషాలు ఆగి, ఆ రెండింటి మధ్య ఓమ్‌లు కొలవాలి. బ్యాటరీ ఉండగా కొలిస్తే తీగల మీది వోల్టేజి మీటర్‌ను తప్పుదోవ పట్టిస్తుంది. 60కి దగ్గరగా వస్తే రెండు రెసిస్టర్లూ ఉన్నట్టు. 120 వస్తే ఒకటి లేదు, లేదా దాని దాకా పోయే తీగ ఎక్కడో తెగింది. సున్నాకి దగ్గరగా వస్తే రెండు తీగలు ఎక్కడో రాసుకుని కలిసిపోయాయి.

120 వచ్చిన బండి చాలాసార్లు బాగానే నడుస్తూ ఉంటుంది. దీనివల్లే మెకానిక్కులకు తికమక. ముందరి లెక్కలోని కారునే తీసుకుంటే, ఒక రెసిస్టర్ పోయినా మిగిలిన 120 ఓమ్‌ల గుండా చార్జి పావు మైక్రోసెకనులో దిగిపోతుంది. ఒక చివర నుంచి ప్రతిధ్వని వచ్చినా, 12 మీటర్లు వెళ్లి రావడానికి పట్టేది 120 నానోసెకన్లే. నాలుగు సార్లు తిరిగినా అర మైక్రోసెకను. చూసే సమయం 1.6 మైక్రోసెకన్లు కాబట్టి అప్పటికి అంతా అణగిపోతుంది. బండి నడుస్తుంది, కానీ మిగులు మార్జిన్ తినేసింది. వానాకాలంలో ఒక కనెక్టర్‌లో తేమ చేరినా, ఎర్త్ బోల్టు వదులైనా, అప్పుడప్పుడు ఏబీఎస్ లైటు వెలిగి ఆరిపోవడం, స్కానర్‌లో U0100 లాంటి ‘ఇంజన్ కంప్యూటర్‌తో సంబంధం పోయింది’ అనే కోడ్ వచ్చి పోవడం మొదలవుతుంది. అప్పుడు కంప్యూటర్ మార్చేస్తే ఒక్కోసారి సమస్య పోతుంది కూడా. ఆ రెసిస్టర్ చాలా బళ్లలో ఇంజన్ కంప్యూటర్ లోపలే ఉంటుంది కనుక, కొత్తదానితో పాటు కొత్త రెసిస్టర్ వచ్చేసింది మరి. పాతదాన్ని విప్పి దాని పిన్నుల మధ్య 120 ఉందో లేదో కొలిచి ఉంటే, పోయింది రెసిస్టరా తీగా అన్నది ముందే తేలేది. ఉన్న రెసిస్టర్ అందుకోలేకపోతున్నదంటే తెగింది తీగే. దాన్ని వెతకడం కంప్యూటర్ కొనడం కన్నా చాలా చౌక.

40 ఓమ్‌లు వస్తే ఎవరో మూడో రెసిస్టర్ చేర్చారని అర్థం. ఓబీడీ సాకెట్‌కు తగిలించే ట్రాకర్ పరికరాల్లోనూ, విద్యార్థులు ప్రాజెక్టులకు వాడే క్యాన్ బోర్డుల్లోనూ 120 ఓమ్‌లు ముందే అతికించి ఉండటం సాధారణం. దాన్ని చివర కాని చోట తగిలిస్తే చిప్ మీద భారం పెరిగి డామినెంట్ తేడా 2 వోల్టుల కన్నా తగ్గుతుంది, బస్ మధ్యలో అలకు అడ్డు కూడా తయారవుతుంది. బోర్డు మీద ఆ రెసిస్టర్‌ను విడదీసే జంపర్ ఉంటే తీసేయడమే మందు.

60 వచ్చింది కదా అని పూర్తిగా నిశ్చింత పడకూడదు. మల్టీమీటర్ రెసిస్టర్లు ఎన్ని ఉన్నాయో చెబుతుంది, ఎక్కడున్నాయో చెప్పదు. రెండూ ఒకే చివర ఉన్నా, రెండూ మధ్యలో ఉన్నా 60 ఓమ్‌లే చూపిస్తుంది. ప్రతిధ్వని మాత్రం ఉండనే ఉంటుంది. బస్‌ను పొడిగించి కొత్త పరికరాలు చేర్చిన ట్రాక్టర్లు, యంత్రాల్లో ఇది సులభంగా జరుగుతుంది. పాత చివర ఇప్పుడు మధ్య అయిపోయింది, కొత్త చివర ఖాళీగా ఉంది. ఓసిల్లోస్కోపు పెట్టి డామినెంట్ నుంచి రిసెసివ్‌కు దిగే అంచు చూస్తేనే అది బయటపడుతుంది. దిగిన గీత నున్నగా నిలవకుండా నాలుగైదు సార్లు ఊగుతుంది. ఇంకో హద్దు కూడా ఉంది. కొత్త కార్లలో చాలావాటికి ఓబీడీ సాకెట్ వెనక గేట్‌వే అనే కంప్యూటర్ ఒకటి ఉంటుంది. 6, 14 పిన్నుల మధ్య కొలిచింది ఆ సాకెట్ నుంచి గేట్‌వే దాకా ఉన్న ముక్క సంగతే. ఇంజన్, ఏబీఎస్ ఉన్న బస్‌ను వేరేచోట కొలవాలి.

తెగిన క్యాన్ తీగను అతికించేటప్పుడు కూడా ఇదే భౌతికశాస్త్రం వర్తిస్తుంది. మెలికలు విప్పి, రెండు తీగలనూ విడివిడిగా అరచేతి వెడల్పు మించి నడిపితే ఆ ముక్కలో 120 ఓమ్‌ల లక్షణం పోతుంది, రొద కూడా ఒక తీగకు ఎక్కువ, ఒక తీగకు తక్కువ తగులుతుంది. అతుకు వీలైనంత పొట్టిగా ఉంచి, పైన మళ్లీ మెలికలు వేయాలి. కొత్త పరికరానికి మధ్యలోంచి కొమ్మ లాగితే ఆ కొమ్మ చివర రెసిస్టర్ ఉండదు కాబట్టి, అది ఒక చిన్న అడ్డగోడ. సెకనుకు 1 మెగాబిట్ వేగంలో ఆ కొమ్మ 30 సెంటీమీటర్లు మించకూడదని ప్రమాణం చెబుతుంది. లారీలు, ట్రాక్టర్లలో వాడే జే1939 బస్ 250 కిలోబిట్ల దగ్గర నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి ఒక మీటరు దాకా ఒప్పుకుంటుంది.

2012లో బాష్ ప్రకటించిన క్యాన్ ఎఫ్‌డీలో సమాచార భాగం 2 మెగాబిట్లు, 5 మెగాబిట్ల వేగాలకు వెళ్తుంది. 5 మెగాబిట్లంటే ఒక బిట్టుకు 0.2 మైక్రోసెకను. పాత వేగంలో ఒక రెసిస్టర్ లేకపోయినా కారును నడిపించిన ఆ అర మైక్రోసెకను ఊగిసలాట, ఇప్పుడు రెండున్నర బిట్ల పొడవు. అందుకే ఈ వేగాలకు కొత్త రకం చిప్‌లు వచ్చాయి. అవి రిసెసివ్‌కు మారేటప్పుడు తీగలను వెంటనే వదిలేయకుండా, కాసేపు తామే వాటిని సమానంగా పట్టి ఉంచి ఊగిసలాటను అణచివేస్తాయి. అయినా రెండు చివర్లలో 120 ఓమ్‌ల చోటు మాత్రం వాటిలోనూ మారలేదు.